ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెడితే

పెళ్లికి నాలుగు వారాలుందనగా పార్లర్‌లో అడుగుపెట్టిన అమ్మాయికి మొదట వినిపించే మాట 'ప్యాకేజీ'. నాలుగు ఫేషియళ్లు, రెండు బ్లీచ్‌లు, ఒక బాడీ పాలిషింగ్, పైన ఉచితంగా హెయిర్ స్పా. తల్లి రేటు కార్డు చూసి బేరమాడుతుంది, కూతురు ఫోన్‌లోంచి తలెత్తకుండానే సరేనంటుంది. ఆ కార్డు మీద అన్నీ ఉంటాయి, ఏ పని ఏ తేదీకల్లా ఆపేయాలన్నది తప్ప.

ఈ నెల రోజుల్లో చేయాల్సిన వాటికంటే మానేయాల్సినవే ఎక్కువ. దానికి కారణం చర్మం పని తీరులోనే ఉంది. పై పొరలో అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరిగి రాలిపోవడానికి యుక్తవయసులో సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఇవాళ మొదలుపెట్టిన మంచి అలవాటు పెళ్లినాటికి ముఖం మీద కాస్త కనిపిస్తుంది. ఇవాళ చేసిన తప్పు మాత్రం అంతవరకూ ఆగదు, వారంలోనే తేలిపోతుంది. మన చాయ చర్మంలో గిల్లిన మొటిమైనా, కాలిన బ్లీచ్ అయినా నల్ల మచ్చ వదిలిపోతుంది. ఆ మచ్చ పోవడానికి పట్టేది వారాలు కాదు, నెలలు.

లెక్క తేలిగ్గా అర్థం కావాలంటే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం, రాజమండ్రిలో పెళ్లి. శ్రావణమాసం, గురువారం, రాత్రి పదకొండు దాటాక ముహూర్తం. వయసు ఇరవయ్యారు. గడ్డం దగ్గర నెలకోసారి వచ్చిపోయే మొటిమలు, పాత మచ్చలు నాలుగైదు. ఎడమ కనుబొమ చివర త్రెడింగ్‌తో పల్చబడి తోకలేని బల్లిలా ఉంది. మేకప్ ఆర్టిస్ట్‌ను బుక్ చేశారు, అడ్వాన్స్ ఇచ్చారు. ట్రయల్ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.

మొదటి వారంలో ఆమె చేయాల్సింది బల్ల మీదున్న సీసాలన్నీ ఒకసారి ముందేసుకుని, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడం. ఉండాల్సినవి మూడే. గాఢత తక్కువగా ఉన్న ఫేస్‌వాష్, చర్మానికి పడే మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ విషయంలో బ్రాండు కంటే కొలతే ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండితే వచ్చేంత ముఖానికీ మెడకూ కావాలి. బఠాణీ గింజంత రాసుకుంటే డబ్బా మీద రాసిన రక్షణలో కొంతే దక్కుతుంది. బండి మీద ఆఫీసుకు వెళ్లే అమ్మాయైతే మెడ వెనక, ముంజేతులకూ రాసుకోవాలి. పెళ్లిలో వరుడి తల మీద జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆ చెయ్యి ముఖం పక్కనే ఫొటోలో పడుతుంది మరి.

ఇక పక్కన పెట్టాల్సినవి. మొటిమలు తగ్గాలని రెటినాయిడ్ క్రీమును ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టకూడదు. అది మంచి మందే. కానీ మొదటి కొన్ని వారాలు చర్మం ఎండి, పొట్టు రాలి, కొందరిలో మొటిమలు ఎక్కువైనట్టు కూడా కనిపిస్తాయి. మొటిమలకు ఏ మందైనా పూర్తిగా పనిచేయాలంటే రెండు మూడు నెలలు కావాలి. నెల ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి 'పెళ్లికల్లా పోవాలండీ' అంటే, ఆయన చేయగలిగింది ఉన్నవాటిని అదుపులో పెట్టడమే. ఇదివరకే వాడుతున్నవారు మాత్రం డాక్టర్ చెప్పినట్టు కొనసాగించవచ్చు. అలాంటివారు ముఖానికి వాక్సింగ్ జోలికి పోకూడదు. రెటినాయిడ్ వాడిన చర్మం మీద వాక్స్ లాగితే వెంట్రుకతోపాటు పై పొర కూడా లేచి వస్తుంది.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. మందుల షాపులో 'తెల్లబడే క్రీమ్' అని అడిగితే చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది, అయినా అవి చేతులు మారుతూనే ఉన్నాయి. రాసిన వారం పది రోజులకు ముఖం నున్నగా, తేటగా మారుతుంది. అందరూ మెచ్చుకుంటారు. మానేస్తే ఎర్రబడి మండుతుంది, మళ్లీ రాస్తే తగ్గుతుంది. అద్దంలో సన్నని ఎర్ర నరాలు కనిపించడం, చెంపల మీద నూగు పెరగడం, ఎండలోకి వెళ్లగానే చురుక్కుమనడం దాని గుర్తులు. ఇవి కనిపించిన అమ్మాయి తనంతట తాను ఒక్కసారిగా మానేసినా పెళ్లినాటికి ముఖం కందిపోతుంది. చర్మవైద్యుల్ని కలిసి, వాళ్లు చెప్పిన క్రమంలో తగ్గించుకోవాలి.

పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చే ఫెయిర్‌నెస్ క్రీములది ఇంకో కథ. వాటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. కేరళలో మలప్పురం జిల్లాలో 2023లో కొందరికి కిడ్నీ జబ్బు వస్తే, కారణం వెతికిన డాక్టర్లు చివరికి వాళ్లు రాసుకుంటున్న క్రీముల దగ్గర తేలారు. తయారీదారు పేరు, పదార్థాల జాబితా లేని డబ్బా పెళ్లికే కాదు, పేరంటానికీ పనికిరాదు.

వంటింటి వైద్యంలోనూ జాగ్రత్త ఉంది. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లబడుతుంది. సున్నిపిండిలో వేసే బావంచాలదీ అదే గుణం. వాటిలోని పదార్థం వెలుతురుతో కలిసి చర్మం మీద పనిచేస్తుంది, అందుకే బొల్లి వైద్యంలో వాడతారు. అమ్మమ్మ స్వయంగా కొట్టించిన పిండి కదా అని రోజూ ముఖానికి పట్టించి మేడ మీద జుట్టు ఆరబెట్టుకుంటే, ఆశించినదానికి సరిగ్గా వ్యతిరేకం జరగొచ్చు. నలుగు పెట్టే రోజు పిండిలో బావంచాలు లేకుండా పెసలు, శనగలు, కాసింత పసుపుతో ఆడించుకోమని ఇంట్లో ఇప్పుడే చెప్పుకోవాలి. అప్పటికప్పుడు చెబితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు.

ప్యాకేజీలో నుంచి మన అమ్మాయి ఒక్క ఫేషియల్ ఉంచుకుంది, అదీ మూడు వారాల ముందు. ఆవిరి పట్టి, గట్టిగా రుద్ది, బ్లాక్‌హెడ్లు తీసే ఫేషియల్ తర్వాత కొందరికి ఒకటి రెండు వారాల్లో లోపలి మొటిమలు బయటపడతాయి. అవి రావడానికీ పోవడానికీ వ్యవధి ఉండాలి. బ్లీచ్ వద్దనుకుంది. ఎవరైనా తప్పదనుకుంటే మోచేతి మడతలో కొద్దిగా రాసి కడిగేసి, రెండు రోజులు చూసి, ఆ తర్వాతే ముఖానికి వెళ్లాలి. కొత్త క్రీమైతే అదే చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడాలి. అలర్జీ చాలాసార్లు మొదటి రోజు కనిపించదు, మూడో రోజుకో నాలుగో రోజుకో దురదగా మొదలవుతుంది.

కనుబొమల సంగతి ఓపికతో కూడుకున్నది. పెళ్లికి వారం ముందు వెళ్లి 'మంచి షేప్ తీయండి' అంటే ఉన్నవాటినే ఇంకా సన్నం చేస్తారు, వేరే దారి ఉండదు కాబట్టి. షేప్ రావాలంటే ముందు వెంట్రుకలు ఉండాలి. అందుకే ఈ అమ్మాయి 28వ రోజు నుంచి దారం ముట్టుకోలేదు. అంతకు వారం ముందు చేయించుకున్న త్రెడింగే ఆఖరిది. రెండో వారానికి కనురెప్పల పైన నూగు నూగుగా మొలిచి, ఆఫీసులో మాస్కు బదులు కళ్లజోడు పెట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. అయినా తట్టుకుంది. 13వ రోజున, అంటే ట్రయల్‌కు రెండు రోజుల ముందు శుక్రవారం సాయంత్రం, పార్లర్‌కు వెళ్లింది.

మంచి బ్యూటీషియన్ దారం తీసే ముందు పెన్సిల్ తీస్తుంది. ముక్కు పక్క అంచున పెన్సిల్ నిలువుగా ఆనించి పైకి చూస్తే ఎక్కడ తగులుతుందో అక్కడ కనుబొమ మొదలవ్వాలి. అదే చోటి నుంచి పెన్సిల్‌ను వాల్చి, నేరుగా చూస్తున్న కంటి నల్లగుడ్డు బయటి అంచు మీదుగా తీసుకెళితే తగిలేది వంపు ఎత్తుగా ఉండాల్సిన చోటు. ఇంకా వాల్చి కంటి బయటి కొన మీదుగా చూస్తే తోక ఆగాల్సిన చోటు. ఈ మూడు చుక్కలూ రెండు వైపులా పెట్టుకున్నాక, వాటికి అవతల ఉన్నదే తీయాలి. ఎడమ తోక దగ్గర అప్పటికి కొన్ని వెంట్రుకలు వచ్చాయి, అన్నీ రాలేదు. మూడు వారాల్లో అన్నీ రావు కూడా. ఏళ్ల తరబడి లాగిన చోట కొన్ని వెంట్రుకలు ఎప్పటికీ రాకపోవచ్చు. ఆ ఖాళీని మేకప్‌లో నింపుకోవాలే తప్ప, కుడిదాన్ని దానికి సరిపోయేలా తగ్గించకూడదు. రెండూ సమానం చేయబోయి రెండింటినీ పోగొట్టుకునేది ఇక్కడే.

తెలుగు పెళ్లికూతురి నుదురు ఖాళీగా ఉండదన్నది ఇంకో సంగతి. కనుబొమల నడుమ కల్యాణ తిలకం, దాని పైన బాసికం, పాపిట బిళ్ల. వీటన్నిటి కింద సన్నగీతలాంటి కనుబొమలు కనిపించకుండా పోతాయి. కాస్త నిండుగా, పై అంచు సహజంగా వదిలేసి, కింది వైపు మాత్రమే శుభ్రం చేయించుకున్న కనుబొమలే బాసికం కింద నిలబడతాయి.

ఆ రోజు కుర్చీలో కూర్చోగానే బ్యూటీషియన్ అలవాటు ప్రకారం దారం కొస పళ్ల మధ్య పెట్టుకోబోయింది.

"అక్కా, నోట్లో పెట్టుకోవద్దు, మెడకు కట్టుకుని చేయవా?" అంది అమ్మాయి.

"అలా అయితే టైమ్ పడుతుందమ్మా."

"పర్లేదక్కా, నాకేం తొందర లేదు."

గొంతెమ్మ కోరికేం కాదిది. త్రెడింగ్ తర్వాత రెండు మూడు రోజులకు కనుబొమల చుట్టూ వచ్చే చీముపొక్కులకు నోటి తడి, చేతులు, పాత పౌడర్ పఫ్ ఇవే ఎక్కువసార్లు దారి. కొత్త దారం, కడిగిన చేతులు, అయ్యాక ఒక చల్లని తడిగుడ్డ ఉంటే చాలు. పెళ్లికి నాలుగు రోజుల ముందు ఆదివారం, చుక్కలు దాటి మొలిచిన పదీ పన్నెండు వెంట్రుకలు మాత్రం తీయించుకుంది. షేప్ ముట్టుకోనివ్వలేదు. పెళ్లికి ముందు రోజు వద్దనుకోవడానికి కారణం ఉంది. అప్పుడే లాగిన చర్మం మీద నలుగు పసుపు పడితే భగ్గుమంటుంది.

ట్రయల్ ఆదివారం, పదకొండు రోజుల ముందు. ఎక్కువమంది దీన్ని మధ్యాహ్నం గంటలో ముగించి, రెండు సెల్ఫీలు తీసుకుని, ఇంటికి రాగానే కడిగేస్తారు. దానివల్ల తెలిసేది బాగుందా లేదా అన్నంతవరకే. తెల్లవారే దాకా ఉంటుందా లేదా అన్నది తెలియదు. రాత్రి పదకొండుకు ముహూర్తమంటే సాయంత్రం అయిదుకు మేకప్ మొదలవుతుంది. గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మధుపర్కాలు కట్టుకోవడం, మంగళసూత్రం, తలంబ్రాలు, హోమం పొగ, అరుంధతీ నక్షత్రం, ఆపైన అప్పగింతల ఏడుపు. ఇదంతా గోదావరి ఒడ్డు శ్రావణపు ఉక్కలో. అందుకే ఆమె ట్రయల్‌ను సాయంత్రం అయిదింటికే పెట్టించుకుంది, రాత్రి పన్నెండింటి దాకా కడగనని ముందే అనుకుంది. వెంట రెండు బట్టలు తీసుకెళ్లింది. ఒకటి ముహూర్తపు పట్టుచీర రంగుకు దగ్గరగా ఉండే దుపట్టా, రెండోది తెల్లటి పాత తువ్వాలు.

ఫౌండేషన్ షేడ్‌ను చేతి మీదో బుగ్గ మీదో చూస్తే తప్పు పోతుంది. దవడ అంచు మీద మూడు షేడ్లు మూడు గీతలుగా పెట్టించి, పావుగంట ఆగి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడాలి. చాలా ఫౌండేషన్లు గాలి తగిలి, చర్మపు నూనెతో కలిశాక ఒక పిసరు ముదురుతాయి. ముఖంలోనూ మెడలోనూ కలిసిపోయి కనిపించకుండా పోయిన గీతే ఆమె షేడ్. మేకప్ ఆర్టిస్ట్ మాత్రం రెండు షేడ్లు తెల్లగా వేస్తానంది, 'లైట్లలో బాగుంటుంది మేడమ్' అని. వేసింది కూడా. అద్దంలో బాగానే ఉంది. ఫ్లాష్‌తో ఫొటో తీశాక నుదురు బూడిద రంగులో, మెడ గోధుమ రంగులో, చేతులు ఇంకో రంగులో తేలాయి. తెల్ల తువ్వాలు భుజం మీద వేసి చూస్తే ఇంకా తేటతెల్లమైంది. మన పెళ్లిలో ఈ పరీక్ష తప్పనిసరి. పట్టుచీర బంగారు వన్నె ముఖాన్ని కాపాడుతుంది కానీ, ఎర్రంచు తెల్ల మధుపర్కం కట్టుకోగానే ముఖంలో ఉన్న బూడిదతనమంతా బయటపడుతుంది. గులాబీ ఛాయ ఫౌండేషన్ తీసేసి, పసుపు ఛాయలో సొంత షేడ్ వేయించాక మూడు రంగులూ ఒకటయ్యాయి.

అదే తువ్వాలును మెడకు ఒత్తి చూస్తే చెయ్యంత మరక పడింది. మధుపర్కం మీద పడబోయే మరకే అది. మెడకు ఫౌండేషన్ పల్చగా వేసి, పౌడర్‌తో ఒత్తి, సెట్టింగ్ స్ప్రే కొట్టి ఆరనిచ్చాక మరక సగానికి తగ్గింది. పూర్తిగా పోదు. మధుపర్కం కట్టుకునేటప్పుడు మెడ చుట్టూ పల్చటి గుడ్డ చుట్టుకోవాలన్నది ఆ రోజు కాగితం మీద రాసుకున్న మొదటి మాట.

ఫ్లాష్‌లో ముఖం తెల్లగా పేలిపోవడానికి ఇంకో కారణం ఉంటుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు, సిలికా ఎక్కువున్న తెల్ల పౌడర్లు ఫ్లాష్ వెలుగును వెనక్కి కొడతాయి. కంటికి కనిపించవు, కెమెరాకు దొరికిపోతాయి. రాత్రి పెళ్లికి మేకప్ కింద సన్‌స్క్రీన్ అక్కర్లేదు. పగటి పెళ్లయితే ట్రయల్‌లోనే దాన్ని రాసుకుని ఫ్లాష్‌తో చూసుకోవాలి.

ఇంటికొచ్చాక అన్నం తింది, మెట్లెక్కి దిగింది, వంటింట్లో నిలబడి రెండు ఉల్లిపాయలు తరిగింది. వాటర్‌ప్రూఫ్ కాటుక, మస్కారా నిలబడ్డాయి. రాత్రి పదింటికి ముక్కు పక్కల ఫౌండేషన్ విడిపోయి చిన్న చిన్న ముద్దలు కట్టింది. ఇలా విడిపోయేది ఎక్కువగా కింద రాసిన దానివల్లే. చిక్కటి క్రీమ్ రాసి, అది ఇంకకముందే సిలికాన్ ప్రైమర్ వేస్తే ఒకదాని మీద ఒకటి జారుతుంది. పెళ్లి రోజుకు క్రీమ్ తీసేసి జెల్ మాయిశ్చరైజర్, పది నిమిషాలు ఆరాక ప్రైమర్ అన్న మార్పు రాసుకున్నారు. మర్నాడు పొద్దున్న ఎడమ రెప్ప అంచున దురద, రెండు ఎర్ర పొక్కులు. కృత్రిమ రెప్పల జిగురులో లాటెక్స్ ఉందట. లాటెక్స్ లేని జిగురు తెప్పించి, చెవి వెనక రాసి నాలుగు రోజులు చూశాక గానీ దానికి సరే అనలేదు. ఈ రెండు సంగతులూ ముహూర్తం రోజు రాత్రే తెలిసి ఉంటే ఏం చేసేవాళ్లో ఊహించుకోవచ్చు.

ట్రయల్ ముగిశాక వాడిన ప్రతి వస్తువు పేరు, షేడ్ నంబరు ఫొటో తీసుకోవాలి. ఆ రోజు రావాల్సిన ఆర్టిస్ట్ బదులు సహాయకురాలు వచ్చినా చేతిలో చీటీ ఉంటుంది. ట్రయల్ డబ్బు విడిగానా, మొత్తంలో కలుస్తుందా అన్నదీ అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే తేల్చుకోవాలి.

చివరి వారంలో కొత్తదేదీ ముఖానికి తగలకూడదు. కానీ మొటిమ ఇవేమీ పట్టించుకోదు. మూడు రోజుల ముందు, సోమవారం, గడ్డం మీద పెద్దది ఒకటి వచ్చింది. గిల్లి చీము తీస్తే మిగిలేది పొక్కు, దాని మీద మేకప్ నిలవదు, చెక్కులా లేస్తుంది. ఉబ్బిన మొటిమ మీద మేకప్ మాత్రం చక్కగా కూర్చుంటుంది, రంగు కప్పేస్తే నీడ తప్ప ఏమీ కనిపించదు. మరీ పెద్దదైతే చర్మవైద్యులు అందులోకి అతి తక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, ఒకటి రెండు రోజుల్లో అణుగుతుంది. మోతాదు మించితే ఆ చోట గుంట పడుతుంది కాబట్టి అది అనుభవమున్న డాక్టర్ చేతి పని. మంగళవారం గోరింటాకు. పది నిమిషాల్లో నల్లగా పండుతుందనే కోన్లలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతుంటారు, చేతులు బొబ్బలెక్కేది దానివల్లే. అసలు గోరింటాకు మొదట నారింజ రంగులో కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అందుకే రెండు రోజుల ముందు.

బుధవారం పొద్దున్న పెళ్లికూతుర్ని చేశారు. నువ్వులనూనె పెట్టి, నలుగు పిండి రాసి, ముత్తయిదువులందరూ తలా ఒక చెయ్యి వేస్తారు. ఆ సంబరంలో ముఖం మీద పసుపు ఎంత పడిందో ఎవరూ చూడరు. ట్రయల్‌లో షేడ్ కుదిరింది పసుపు లేని చర్మానికి, మర్నాటికి చర్మం రంగే మారిపోయి ఉంటుంది. పసుపు రంగు నీళ్లకు లొంగదు, నూనెకు లొంగుతుంది. సబ్బుతో గట్టిగా రుద్దితే చర్మం కందుతుంది గానీ రంగు అంతగా పోదు. దూదికి కాస్త కొబ్బరినూనె అద్ది మెల్లగా తుడిచి, ఆ తర్వాత ఫేస్‌వాష్‌తో నూనె జిడ్డు పోయేదాకా కడగాలి. జిడ్డు మిగిలితే మర్నాడు ప్రైమర్ జారుతుంది. ఈ అమ్మాయి తల్లికి ముందే చెప్పుకుంది: చేతులకూ కాళ్లకూ పసుపు ఎంత పెట్టినా సరే, ముఖానికి మాత్రం చందనం. పెద్దావిడ ఒకరు ఊరుకోలేదు. శకునానికి బుగ్గలకు రెండు వేళ్లు రాసి, "ఇది లేకుండా పెళ్లికూతురేంటే" అన్నారు. రెండు వేళ్ల పసుపే కాబట్టి సాయంత్రానికి తేలిపోయింది.

గురువారం అయిదింటికి గదిలో చెల్లెలి చేతిలో ఒక చిన్న సంచి. అందులో నూనె అద్దే కాగితాలు, దూది, లిప్‌స్టిక్, చిన్న పౌడర్ డబ్బా, స్ట్రా, మెడకు చుట్టే పల్చటి గుడ్డ. బాసికం కట్టాక దాని దారం కింద చెమట చేరుతుంది, అక్కడ పౌడర్ మళ్లీ మళ్లీ వేస్తే అట్ట కడుతుంది. కాగితం ఒత్తి తడి తీసి వదిలేయమని చెల్లెలికి రెండుసార్లు చెప్పింది. కల్యాణ తిలకం, బుగ్గచుక్క పెట్టేముందు మేకప్ ఆర్టిస్ట్ ఎడమ కనుబొమ తోకను బ్రౌన్ పౌడర్‌తో నాలుగు చిన్న గీతల్లో నింపింది.

"కుడిదానికి కూడా కాస్త వేయనా మేడమ్?"

"వద్దక్కా, అది ఉన్నట్టే ఉండనీ."